మడత గీత తీస్తుంటే ఫోటోలో డీటెయిల్ కూడా పోతోందా? పగులును, నీడను విడివిడిగా చూడండి

ప్రశ్న: మా తాతగారి పాత నలుపు-తెలుపు ఫోటో ఒకటి స్కాన్ చేశాను. మధ్యలో అడ్డంగా మడత పడి తెల్లటి గీత వచ్చింది, ఒక చివర కొంచెం చిరిగింది కూడా. హీలింగ్ బ్రష్‌తో రుద్దితే గీత పోతోంది గానీ దాంతోపాటు కోటు మీద గళ్ళు, చెంప మీద ముడతలు కూడా పోయి అంతా మైనం పూసినట్టు అవుతోంది. డీటెయిల్ పోకుండా గీత ఒక్కటే తీయడం ఎలా?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తానండీ. మీరు బ్రష్‌తో తుడిచేస్తున్న వెడల్పులో చాలా భాగం అసలు పాడవలేదు. మడత గీత అని మనకు కనిపించేది నిజానికి రెండు వేర్వేరు విషయాలు. మధ్యలో సన్నటి పగులు, అక్కడ మాత్రమే బొమ్మ నిజంగా పోయింది. దానికి అటూ ఇటూ కాస్త వెడల్పుగా నీడ, అక్కడ బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది, వెలుగు మాత్రమే తేడాగా పడింది. నీడ ఉన్న చోట టోన్ మాత్రమే సరిచేయాలి, ఒక్క పిక్సెల్‌ని కూడా కాపీ చేయకూడదు. పగులు ఉన్న చోట మాత్రమే క్లోన్ చేయాలి, అంటే పక్క చోటి పిక్సెళ్లు తెచ్చి అతికించాలి, అదీ పగులు వెడల్పు దాటకుండా. రెండింటినీ కలిపి ఒకే పెద్ద బ్రష్‌తో రుద్దడం వల్లే గళ్ళు, ముడతలు పోతున్నాయి.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 9×14 సెం.మీ. పోస్ట్‌కార్డు సైజు ప్రింటును 1200 పీపీఐలో స్కాన్ చేశారనుకోండి. ఒక మిల్లీమీటరుకు సుమారు 47 పిక్సెళ్లు వస్తాయి. మామూలు మడతలో పగులు 0.1 మి.మీ. దగ్గర ఉంటుంది, అంటే 5 పిక్సెళ్లు. నీడ మాత్రం ఒక్కో పక్క మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర దాకా పరుచుకుంటుంది, రెండు పక్కలా కలిపితే 100 నుంచి 140 పిక్సెళ్లు. గీత మొత్తం పోవాలని 120 పిక్సెళ్ల హీలింగ్ బ్రష్ పట్టుకుంటే 5 పిక్సెళ్ల దెబ్బ కోసం 115 పిక్సెళ్ల అసలు బొమ్మను పారేసినట్టే కదా.

పగులు తెల్లగానే ఎందుకు ఉంటుందంటే, పాత ఫైబర్ పేపర్ ప్రింట్లలో బొమ్మ ఉండేది పైన ఉన్న పల్చటి జెలటిన్ పొరలో. దాని కింద బెరైటా అనే బేరియం సల్ఫేట్ పూత ఉంటుంది, అది పాలలా తెల్లగా ఉంటుంది, దాని కింద కాగితం. మడిచినప్పుడు జెలటిన్ పొర పగిలి కింది తెలుపు బయటపడుతుంది. ఏళ్ల తరబడి ఆ సందులో దుమ్ము చేరితే గీత అక్కడక్కడా తెల్లగా, అక్కడక్కడా గోధుమ రంగులో కనిపిస్తుంది. నీడ సంగతి వేరు. అక్కడ కాగితం వంగి కొంచెం పైకి లేచింది, అందుకని స్కానర్ దీపం వైపున్న వాలు కాంతిగా, అవతలి వాలు మసకగా పడుతుంది. అంటే నీడ ఫోటోలో లేదు, స్కాన్‌లో ఉంది. అందుకే దాని పని స్కానర్ దగ్గరే మొదలుపెట్టాలి.

స్కాన్ మళ్ళీ చేయండి, ఫోటో తిప్పి పెట్టి

మీరు చేసిన స్కాన్ పక్కన పెట్టండి. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో దీపం ఒక పొడవాటి కడ్డీలా ఉండి ఒక కొస నుంచి ఇంకో కొసకు జరుగుతుంది. వెలుగు ఆ జరిగే దిశలో ఏటవాలుగా పడుతుంది. కాబట్టి మడత ఆ కడ్డీకి సమాంతరంగా ఉంటే నీడ గట్టిగా వస్తుంది, కడ్డీ జరిగే దారి వెంబడి ఉంటే నీడ చాలావరకు మాయమవుతుంది. అడ్డంగా మడత ఉన్న నిలువు ఫోటోను మనం మామూలుగా నిలువుగానే పెడతాం, అంటే అన్నిటికన్నా అధ్వాన్నమైన కోణంలో పెడతాం. దాన్ని 90 డిగ్రీలు తిప్పి పెట్టండి, తర్వాత కంప్యూటర్‌లో మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. ఈ ఒక్క మార్పుతోనే సగం పని అయిపోయిన ఫోటోలు చాలా చూశాను. మడత ఏటవాలుగా ఉంటే ఫోటోనే ఏటవాలుగా పెట్టకండి, తర్వాత సరిచేయడానికి చిన్న కోణంలో తిప్పితే పిక్సెళ్లన్నీ మళ్ళీ లెక్కగట్టాల్సి వచ్చి షార్ప్‌నెస్ తగ్గుతుంది. 90, 180 డిగ్రీలు తిప్పితే మాత్రం ఏమీ పోదు.

సెట్టింగుల విషయానికొస్తే 1200 పీపీఐ, 16 బిట్, కలర్‌లో, టిఫ్ ఫైలు. పోస్ట్‌కార్డు సైజుకు 170 ఎంబీ దాకా వస్తుంది, ఫరవాలేదు. ఇంత చిన్న ప్రింటులో 1200 పీపీఐకి తగ్గ డీటెయిల్ ఉంటుందా అని అడగొచ్చు, చాలాసార్లు ఉండదు. కానీ 600లో పగులు రెండు మూడు పిక్సెళ్లకు కుదించుకుపోయి, దాని అంచు పక్కనున్న బొమ్మతో కలిసిపోతుంది. 1200లో ఎక్కడ పగులు ఆగిందో, ఎక్కడ బొమ్మ మొదలైందో కంటికి తెలుస్తుంది. ఆ ఎక్కువ పిక్సెళ్లు మనం పని చేసుకోవడానికి చోటు కోసం. నలుపు-తెలుపు ఫోటోనే అయినా కలర్‌లో స్కాన్ చేయమనడానికి కారణం, పసుపు, గోధుమ మరకలు రెడ్ ఛానల్‌లో బాగా తక్కువగా, బ్లూ ఛానల్‌లో బాగా ఎక్కువగా కనిపిస్తాయి. చివరికి నలుపు-తెలుపు చేయబోతున్నారంటే ఒక్క రెడ్ ఛానల్ తీసుకుంటే పగుల్లో చేరిన మురికి సగం ఏ శ్రమా లేకుండా పోతుంది. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్, డస్ట్ రిమూవల్ రెండూ ఆఫ్ చేయండి. షార్పెనింగ్ పగులుకు రెండు వైపులా నల్లటి అంచు గీస్తుంది, తర్వాత దాన్ని తీయలేక చస్తాం.

తిప్పి పెట్టినా నీడ మిగిలితే, లేదా మడత ఏటవాలుగా ఉంటే, రెండో స్కాన్ ఒకటి తీయండి, ఈసారి ఫోటోను 180 డిగ్రీలు తిప్పి. ఇప్పుడు కాంతి పడిన వాలు మసకగా, మసక వాలు కాంతిగా వస్తాయి. రెండో ఫైలును కంప్యూటర్‌లో 180 తిప్పి, మొదటి దాని పైన లేయర్‌గా పెట్టి, ఫోటోషాప్‌లో అయితే `Edit > Auto-Align Layers` చేసి, పై లేయర్ ఒపాసిటీ 50 శాతం పెడితే రెండు నీడలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గ్లాసీ ప్రింటు అయితే మడత మీద తెల్లటి మెరుపు చుక్కలు కూడా వస్తాయి, సగటు తీస్తే అవి సగమే తగ్గుతాయి. ఆ చుక్కల దగ్గర మాత్రం రెండు లేయర్ల కాపీలనూ వాటి పైన, ఒపాసిటీ 100 శాతంతో `Darken` మోడ్‌లో పెట్టి మాస్క్‌తో చూపిస్తే, రెండు స్కాన్‌లలో మెరుపు లేనిదే నిలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, ఇది చాలామంది చెప్పరు. స్కానర్ కడ్డీ అంగుళం అంగుళానికీ ఒకే వేగంతో జరగదు, అందుకని రెండు స్కాన్‌లు అర పిక్సెల్, పిక్సెల్ తేడాతో కూర్చునే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు సగటు తీస్తే నీడతోపాటు షార్ప్‌నెస్ కూడా పోతుంది, అంటే మీ సమస్య ఇంకో దారిలో వచ్చి కూర్చున్నట్టు. పై లేయర్‌ని కాసేపు ఒపాసిటీ 100 శాతం చేసి `Difference` మోడ్‌లో పెట్టి చూడండి. మడత తప్ప మిగతా అంతా నల్లగా ఉండాలి. కళ్ళు, కాలర్ అంచుల చుట్టూ సన్నటి గీతలు మెరుస్తుంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం, ఒక్కో పిక్సెల్ అటూ ఇటూ జరిపి చూడాలి. బాగా కూర్చున్నా సరే, రెండో స్కాన్‌ని మొత్తం ఫోటో మీద వాడకండి. నల్ల మాస్క్ వేసి మడత పట్టీ వరకే తెల్లగా గీయండి. మిగతా ఫోటో అంతా ఒకే స్కాన్ నుంచి, ముట్టుకోకుండా ఉండాలి.

మడతను చదును చేద్దామని వెనక్కి విరవకండి, మూత మీద బరువులు పెట్టకండి. ఎండిపోయిన జెలటిన్ ఇంకాస్త పగిలి 5 పిక్సెళ్ల పగులు 15 అవుతుంది. పొర పెళ్ళలుగా లేస్తుంటే గాజు మీద బోర్లా పెట్టడమే మానేసి, ఫోటోను బల్ల మీద వెల్లకిలా పెట్టి, రెండు వైపులా 45 డిగ్రీల్లో ఒకే రకం లైట్లు పెట్టి పైనుంచి కెమెరాతో తీయండి. రెండు లైట్లూ సమానంగా ఉంటే నీడ సమస్య కూడా తగ్గుతుంది. ఇంకో మాట, పల్చటి చవక స్కానర్లలో ఉండే సీఐఎస్ సెన్సర్లకు ఫోకస్ లోతు చాలా తక్కువ, గాజును అంటుకోకుండా లేచి ఉన్న మడత వాటిలో మసకగా పడుతుంది. సీసీడీ ఉన్న లావుపాటి స్కానర్ దొరికితే దాన్నే వాడండి.

నీడ: దూరం నుంచి చూసి, కర్వ్స్‌తో

ఇక ఎడిటింగ్. వరుస ముఖ్యం, ముందు నీడ, తర్వాత పగులు. ముందే పగులు మీద క్లోన్ చేస్తే, నీడ లేని చోటి పిక్సెళ్లు తెచ్చి నీడ ఉన్న చోట అతికిస్తాం, అవి అతుకులా కనిపిస్తాయి.

రెండు కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్లు పెట్టుకోండి. ఒకటి కొంచెం ముదురు చేసేది, మధ్య బిందువును 128 నుంచి 115 దగ్గరకు దించితే చాలు. రెండోది అంతే మేర లేత చేసేది. రెండింటికీ మాస్క్ నల్లగా నింపేసి, మెత్తటి బ్రష్, ఫ్లో 5 శాతం పెట్టి, కాంతిగా ఉన్న వాలు మీద మొదటిది, మసకగా ఉన్న వాలు మీద రెండోది నెమ్మదిగా గీయండి. మడత సాధారణంగా తిన్నగానే ఉంటుంది కాబట్టి ఒక కొస దగ్గర క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకుని ఇంకో కొస దగ్గర క్లిక్ చేస్తే గీత సూటిగా పడుతుంది, చెయ్యి వణుకు కనిపించదు. బ్రష్ వెడల్పు నీడ వెడల్పులో సగం ఉంటే అంచు తెలియకుండా కలుస్తుంది.

కర్వ్స్ ఎందుకంటే, నీడ పడిన చోట వెలుగు ఇంత శాతం తగ్గింది అన్న లెక్కలో తగ్గుతుంది. అందుకే తెల్లటి చొక్కా మీద బాగా కనిపించే నీడ, నల్లటి కోటు మీద దాదాపు కనిపించదు. మధ్యలో మాత్రమే లాగి, నలుపు కొసను కదపకుండా ఉంచిన కర్వ్ కూడా నలుపును పెద్దగా ముట్టుకోదు. అన్నిటికీ ఒకే అంకె కలిపే బ్రైట్‌నెస్ టూల్ వాడితే కోటు నలుపు బూడిద రంగుకు వెళ్తుంది.

ఇది చేసేటప్పుడు జూమ్ చేయకండి. నీడను ఫోటో మొత్తం స్క్రీన్‌లో కనిపించే సైజులో చూస్తూ తీయాలి, పగులును 200 శాతంలో చూస్తూ తీయాలి. దగ్గరగా చూస్తే నీడ అసలు కంటికి ఆనదు, ఆనకపోయేసరికి ఎక్కువ గీసేస్తాం, తర్వాత వెనక్కి వచ్చి చూస్తే మడత ఉన్న చోట ఇప్పుడు నల్లటి పట్టీ ఉంటుంది.

ఫోటోను టోన్ ఉన్న బ్లర్ లేయర్, డీటెయిల్ ఉన్న లేయర్ అని రెండుగా విడదీసే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ గురించి ఎవరో ఒకరు కింద చెప్తారు కాబట్టి నా మాట కూడా చెప్పేస్తాను. మంచి పద్ధతే, కానీ పగులు బాగుచేయకముందు చేస్తే తెల్లటి పగులు బ్లర్ లేయర్‌లోకి కారి, అక్కడ వెడల్పాటి తెల్లటి మసక పట్టీ తయారవుతుంది. అది తీయడానికి ఇంకో పని. నేనైతే పగులు పని అయిపోయాక కూడా ఎక్కడైనా పెద్ద మరకలాంటి నీడ మిగిలితే అప్పుడు మాత్రమే, అదీ కింది బ్లర్ లేయర్ మీద మాత్రమే వాడతాను.

పగులు: చిన్న బ్రష్, గట్టి అంచు, డార్కెన్ మోడ్

పైన ఒక ఖాళీ లేయర్ తీసుకుని, క్లోన్ స్టాంప్‌లో శాంపిల్ `Current & Below` పెట్టుకోండి. బ్రష్ సైజు పగులు కన్నా రెండు మూడు పిక్సెళ్లు మాత్రమే ఎక్కువ, అంటే 7 లేదా 8. హార్డ్‌నెస్ 60 నుంచి 80 శాతం. చాలామంది హార్డ్‌నెస్ సున్నా పెట్టి మెత్తటి బ్రష్‌తో చేస్తారు, అతుకు కనపడదని. మైనం పూసినట్టు రావడానికి ఇదే పెద్ద కారణం. మెత్తటి అంచులో కొత్త పిక్సెల్ సగం, పాత పిక్సెల్ సగం కలుస్తాయి. ఫోటోలోని సన్నటి రేణువుల గరుకునే గ్రెయిన్ అంటారు, రెండింటి గ్రెయిన్‌కీ సంబంధం లేదు కాబట్టి కలిసినప్పుడు గ్రెయిన్ కాంట్రాస్ట్ 30 శాతం దాకా పడిపోతుంది. గ్రెయిన్ పడిపోయిన చోటే కంటికి నున్నగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. పగులు తెల్లగా ఉంది కాబట్టి క్లోన్ స్టాంప్ మోడ్‌ని `Darken`కి మార్చండి. గింప్ వాడేవాళ్ళకి అదే `Darken only`. ఈ మోడ్‌లో తెచ్చిన పిక్సెల్ కన్నా అక్కడున్న పిక్సెల్ తెల్లగా ఉంటేనే మారుతుంది, అప్పటికే ముదురుగా ఉంటే దాని జోలికి పోదు. అంటే బ్రష్ పగులు దాటి కొంచెం పక్కకు పోయినా అక్కడి కనురెప్ప వెంట్రుక, నల్ల దారం అలాగే ఉంటాయి. పగుల్లో మురికి చేరి నల్లగా ఉన్న చోట్ల `Lighten`కి మార్చుకోండి. ఒకే మడత మీద రెండు మూడు మిల్లీమీటర్లకోసారి మోడ్ మార్చాల్సి రావచ్చు, విసుగే, కానీ ఫలితం అక్కడే ఉంది. డార్కెన్ మోడ్‌ని అదే చోట మూడు నాలుగు సార్లు వేయకండి, ప్రతిసారీ ఎక్కడో ఒక ముదురు గ్రెయిన్ నిలిచిపోయి చివరికి ఆ గీత మొత్తం చుట్టుపక్కల కన్నా ఒక పాలు నల్లబడుతుంది. ఒకసారి వేసి, మిగిలిన చుక్కలను మాత్రం మామూలు మోడ్‌లో ఒక్కొక్క క్లిక్‌తో తీసేయండి.

రెండో విషయం, శాంపిల్ ఎక్కడి నుంచి తీసుకోవాలి. అందరూ పగులుకు పైనో కిందో నిటారుగా ఉన్న చోటు నుంచి తీసుకుంటారు. గోడ, ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ అయితే అది చాలు. కానీ పగులు ఏదైనా అంచును దాటుతున్న చోట శాంపిల్ ఆ అంచు వెంబడే ఉండాలి. మీ కోటు గళ్ళలో ఒక గీత ఏటవాలుగా వచ్చి పగులును దాటుతోందనుకోండి. ఆ గీత మీదే, పగులుకు పది పిక్సెళ్ల ఇవతల ఆల్ట్ క్లిక్ చేసి, అదే గీత మీదుగా పగుల్లోకి ఒక్క అడుగు వేయాలి. అలా ముందు అంచులన్నీ కలిపేసి, తర్వాత వాటి మధ్య ఖాళీలు నింపాలి. ముందు ఖాళీలు నింపితే అంచులు ఎక్కడ కలవాలో తెలియక ప్రతి అంచులోనూ చిన్న మెట్టు పడుతుంది.

ఒక ఫోటో ఎలా చేశానో చెప్తే సులువుగా అర్థమవుతుంది. పోస్ట్‌కార్డు సైజు స్టూడియో ఫోటో, కుర్చీలో కూర్చున్న ఒకావిడ, మెడ చుట్టూ లేసు కాలరు. మడత ఎడమ పక్క బ్యాక్‌గ్రౌండ్ నుంచి ఏటవాలుగా దిగి చెంప, లేసు కాలరు, భుజం మీదుగా కుడి అంచుకు పోయింది. రెండు స్కాన్‌లతో నీడ చాలావరకు పోయింది, మిగిలింది కర్వ్స్‌తో తీశాను. బ్యాక్‌గ్రౌండ్ అసలే ఫోకస్‌లో లేదు, అక్కడ హీలింగ్ బ్రష్‌తోనే పని అయిపోయింది. ఫోటోషాప్ హీలింగ్ బ్రష్‌లో డిఫ్యూజన్ అని 1 నుంచి 7 దాకా ఒక స్లైడర్ ఉంటుంది, గ్రెయిన్ ఉన్న ఫోటోలకు అది కిందికి ఉండాలి, నేను 2 పెట్టాను. చెంప అంచుకు ఒక పదిహేను పిక్సెళ్ల ముందే హీలింగ్ ఆపేశాను, ఎందుకంటే ఆ టూల్ చుట్టుపక్కల టోన్‌తో కలపాలని చూస్తుంది, చెంప తెలుపు, వెనక నలుపు పక్కపక్కన ఉంటే రెండింటినీ కలిపి బూడిద మరక చేస్తుంది. అక్కడి నుంచి క్లోన్ స్టాంప్.

లేసు దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. తెల్లటి దారాలు, మధ్యలో నల్లటి చిన్న చిన్న కన్నాలు. తెల్లటి పగులు దాని మీదుగా పోతే దారాల మీద తేడా కనిపించదు, కన్నాల్లో మాత్రం తెల్లటి గీత పడుతుంది. అంటే బాగుచేయాల్సింది కన్నాలు మాత్రమే. డార్కెన్ మోడ్ దీనికి సరిగ్గా సరిపోయింది. లేసులో ఒకే పువ్వు మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా, పక్క పువ్వులో సరిగ్గా అదే కన్నం మీద ఆల్ట్ క్లిక్ చేసి ఇక్కడ వేస్తే కన్నం నల్లబడింది, దారాలు కదల్లేదు. మెడ చుట్టూ కాలరు వంపు తిరిగింది కాబట్టి పక్క పువ్వు కొంచెం తిరిగి ఉంది. `Window > Clone Source`లో కోణం ఇచ్చుకునే చోటు ఉంటుంది, ఏడెనిమిది డిగ్రీలు తిప్పితే సరిగ్గా కూర్చుంది. ఆ ప్యానెల్లో `Show Overlay` పెట్టుకుంటే వేయకముందే ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది, గళ్ళు, అల్లికల మీద పని చేసేటప్పుడు అది లేకుండా నేను ముట్టుకోను. మీ కోటు గళ్ళకు కూడా ఇదే దారి, ఒక గడి అవతలి నుంచి తీసుకోండి, గడిలో అదే మూల ఉండాలి.

చెంప మీద ముడతలకు మాత్రం పక్క చోటు నుంచి తెచ్చే పని పెట్టుకోకండి. ముఖం మీద వెలుగు ప్రతి మిల్లీమీటరుకూ మారుతుంది. 5 పిక్సెళ్ల పగులుకు పక్కనే ఉన్న 5 పిక్సెళ్లే సరైన శాంపిల్. పై అంచు నుంచి సగం, కింది అంచు నుంచి సగం నింపుకుంటూ వస్తే టోన్ దానంతటదే సరిపోతుంది.

చిరిగిన చివర సంగతి

చిరుగు మడత కన్నా భయంగా కనిపిస్తుంది గానీ చాలాసార్లు దాన్ని బాగుచేయడమే సులువు. కాగితం నిటారుగా చిరగదు, వాలుగా చిరుగుతుంది. అందువల్ల ఒక ముక్క అంచున తెల్లటి కాగితం వాలు బయటికి కనిపిస్తుంది, రెండో ముక్క అంచున బొమ్మ ఉన్న పొర బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. ఆ పొడుచుకొచ్చిన పొర ఈ తెల్లటి వాలు మీద కూర్చోవాల్సిందే. అంటే తెల్లగా కనిపించే చోటి బొమ్మ ఎక్కడికీ పోలేదు, అవతలి ముక్క మీద భద్రంగా ఉంది. ముక్కలను తప్పు వరుసలో, కిందది పైకి వచ్చేలా పెట్టి స్కాన్ చేస్తే మిల్లీమీటరు వెడల్పు తెల్లటి చారలు వస్తాయి, వాటిని జనం గంటల తరబడి క్లోన్ చేస్తూ కూర్చుంటారు.

మీ ఫోటోలో చిరుగు ఒక చివరే కాబట్టి స్కానర్ మీద పెట్టేటప్పుడు ఏ అంచు పైన ఉండాలో చూసుకుని మెల్లగా సర్దితే చాలు. గాజు మీద బోర్లా పెడతాం కనుక పైన, కింద తారుమారు అవుతాయి, అది గుర్తుంచుకోండి. పూర్తిగా రెండు ముక్కలైన ఫోటో అయితే ముక్కలను విడిగా స్కాన్ చేయండి, రెండూ ఒకే దిశలో పెట్టి. ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పెడితే స్కానర్ పొడవు, వెడల్పు కొలతల్లో ఉండే కొద్ది తేడా వల్ల రెండు ముక్కలు చివర దాకా కలవవు. తర్వాత వేర్వేరు లేయర్ల మీద జరిపి, పై ముక్కలోని తెల్లటి వాలు ఏమైనా ఉంటే మాస్క్‌తో దాచేయండి. మొత్తం ఒకేసారి కలవకపోతే బలవంతంగా వార్ప్ చేయకుండా, ముఖం ఉన్న చోట కచ్చితంగా కలిపి, తేడాను బ్యాక్‌గ్రౌండ్ వైపు నెట్టేయండి. అసలు ఫోటోకి టేపు మాత్రం అంటించకండి, జిగురు పసుపెక్కి మరక అవుతుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

కంటికి అలవాటైపోయాక గీత ఉన్నా కనిపించదు. అన్నిటికన్నా పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి, కర్వ్‌ని రెండు మూడు సార్లు కిందికీ పైకీ అలలా వంచండి. ఫోటో వికారంగా మారుతుంది కానీ టోన్‌లో రవ్వంత తేడా ఉన్నా, నీడ మిగిలినా, క్లోన్ మరక పడినా గట్టి గీతలా కనిపిస్తుంది. చూసుకుని ఆ లేయర్ తీసేయండి. తర్వాత మీరు క్లోన్ చేసిన లేయర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి మిగతావి ఆఫ్ చేసి చూడండి. సన్నటి దారంలా ఒక గీత కనిపిస్తే పని సరిగ్గా జరిగినట్టు. వెడల్పాటి రిబ్బన్ కనిపిస్తే మళ్ళీ అసలు బొమ్మను కప్పేశారు, ఆ అంచులను చెరిపేసుకోవచ్చు, విడి లేయర్ మీద చేయమన్నది అందుకే. ఏది చేసినా మొదటి స్కాన్ టిఫ్ ఫైలు ముట్టుకోకుండా దాచుకోండి.

అలాగని పిక్సెల్ పిక్సెల్‌నీ వెంటాడకండి. 1200లో స్కాన్ చేసి అదే సైజులో 300లో ప్రింటు తీస్తే ఒక్కో దిశలో నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటి అవుతాయి, ఒకటి రెండు పిక్సెళ్ల లోపాలు అందులోనే పోతాయి. పెద్దది చేసి ప్రింటు తీయాలనుకుంటేనే అంత లోతుగా చూడాలి.

ఈ పద్ధతి పగులు సన్నగా ఉన్నంతవరకే. పొర పెళ్ళగా ఊడిపోయి మిల్లీమీటరు వెడల్పున, అంటే 47 పిక్సెళ్ల మేర పోయిందంటే ఆ బొమ్మ ఇక లేదు. కోటు మీద అయితే గళ్ళ నుంచి తిరిగి కట్టొచ్చు, కంటి మీద అయితే రెండో కన్ను తిప్పి అతికించమని సలహా ఇస్తారు, నేను ఇవ్వను. ఏ ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు, వెలుగు కూడా ఒక వైపు నుంచే పడి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు చూడగానే ఏదో తేడాగా ఉందంటారు. అక్కడ టోన్ మాత్రం కలిపి, గీత లేతగా కనిపించేలా వదిలేయడమే మేలు.

మీ ఫోటోలో మడత కంటి మీదుగా పోతోందా, చెంప దగ్గరే ఆగిందా అన్నది మీరు చెప్పలేదు. ఫోటోను 90 డిగ్రీలు తిప్పి పెట్టి ఒక స్కాన్ తీసి, ముఖం, కోటు కలిసే చోటు 100 శాతం సైజులో చిన్న ముక్క కత్తిరించి ఇక్కడ పెట్టండి. పగులు ఎన్ని పిక్సెళ్లుందో చూసి, ఎక్కడ ఏ మోడ్ వాడాలో చెప్తాను.